డిపాజిట్‌కు ఇంకో అర్జీ ఎందుకు?

ఈపీడీసీఎల్ సీఎండీ గారికి,
సీతమ్మధార, విశాఖపట్నం.

అయ్యా,

కరెంటు సర్వీసు తీసేయమని రాసిచ్చిన కాగితాన్నే డిపాజిట్ తిరిగిమ్మనే అర్జీగా కూడా తీసుకోవాలన్నదే ఈ లేఖలోని ఏకైక కోరిక. చట్టం అందుకు అడ్డుపడదు. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ పంపిణీ సంస్థను పూచీ సొమ్ము అడగనిచ్చింది. దానిమీద కనీసం బ్యాంక్ రేటు వడ్డీ ఇమ్మంది. సొమ్ము కట్టినవారు అడిగితే తిరిగిమ్మంది. ప్రీపెయిడ్ మీటరుకు ఒప్పుకున్నవారి దగ్గర సరఫరా బాకీకి పూచీ అడగకూడదనీ అక్కడే ఉంది. అంటే కరెంటు వాడి, కట్టకుండా పోయే బాకీకి ఆ సొమ్ము కాపు మాత్రమే. మీటరే పోయాక వాడకమెక్కడ, కాపెందుకు?

గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు మూసేస్తున్న యజమానిని ఊహించండి. నెలకు సగటున 6,000 బిల్లు, రెండు నెలల లెక్కన 12,000 డిపాజిట్. ఆఖరి రీడింగు బిల్లు 3,500 అయితే మిగిలేది 8,500. ఆరు శాతం వడ్డీ అనుకుంటే చివరి ఆరు నెలలకు 360 కలుస్తుంది. మొత్తం 8,860. ఆఖరి బిల్లు అడుగున నాలుగు వరసల్లో తేలిపోయే లెక్క ఇది.

పాత రసీదు ఏదని అడగవచ్చు. కనెక్షన్ నాడు కట్టింది కొంతే. వాడకం పెరిగిన కొద్దీ ఏసీడీ పేరుతో బిల్లులోనే కలిపి వసూలైంది ఇంకొంత. ఏ ఏడు ఎంత కట్టాడో ఆయనకు గుర్తుండదు, సర్వీసు నంబరు కింద మీ లెడ్జరుకు గుర్తుంటుంది. వసూలుకు చాలిన లెడ్జరు వాపసుకు చాలదంటే ఎలా? అద్దెకున్నవారు కట్టిన ఏసీడీ మాత్రం నిజంగానే చిక్కు. ఖాతా ఇంటి ఓనరు పేరుమీద ఉంటుంది కనుక ఆ పంచాయితీ మీరు తీర్చలేరు. ఖాళీ చేసేటప్పుడు అద్దె అడ్వాన్సుతోపాటే వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.

రేపు పాత బాకీ బయటపడితే అన్నది గట్టి అభ్యంతరమే. కానీ 56వ సెక్షన్ ప్రకారం బాకీ మొదట కట్టవలసిన నాటినుంచి రెండేళ్లు దాటితే, దాన్ని బిల్లుల్లో వరసగా చూపిస్తూ వస్తే తప్ప వసూలు చేయకూడదు. మీటరు తీసేనాడే ఖాతా తిరగేస్తే బాకీ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే కోసుకోండి, కోసిందెందుకో రాయండి. ఎప్పుడో తేలవచ్చన్న అనుమానంతో మొత్తం సొమ్మును అట్టే పెట్టుకోవడానికి మాత్రం అది సాకు కాదు.

సొమ్ము ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో తెలియదంటారా, అది న్యాయమైన మాట. సర్వీసు రద్దు దరఖాస్తులోనే ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు ఒక గడి పెట్టించండి. లేకపోతే వినియోగదారుడు ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్తాడు. ఆ 8,860 కోసం మీ అధికారులు ఫైలు పట్టుకుని విచారణకు రావాలి. వాళ్ల జీతమూ మా బిల్లుల్లోంచేగా!

ఇట్లు,
ఒక విశాఖ వినియోగదారుడు