బుడగను నమ్మిన బాత్రూమ్

ఇప్పటి కుర్రాళ్ళు టేపు కొనే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. హార్డ్‌వేరు షాపుకి వస్తారు. చేతికందినదాన్ని బర్రున లాగుతారు, చటుక్కున వదిలేస్తారు. అది లోపలికి దూసుకుపోయి టప్పున కొట్టుకుంటే "స్ప్రింగు బాగుందన్నా" అని జేబులో వేసుకుపోతారు. ఆ టప్పున కొట్టుకునే దెబ్బకే టేపు పాడవుతుందని వాళ్ళకి ఎవరు చెప్పాలి? కొస కొక్కెం వంగేది అక్కడే, రివెట్ల బెజ్జాలు అరిగేది అక్కడే. నేను చూపుడువేలు అడ్డం పెట్టి మెల్లగా లోపలికి పంపిస్తుంటే షాపువాడు నా ముసలితనాన్ని చూసి జాలిపడతాడు.

మా రోజుల్లో వడ్రంగి చేతిలో ఇత్తడి కీళ్ళ మడత బద్ద ఉండేది, రెండడుగులది. అది ఇప్పటి టేపుకంటే గొప్పదని నేననను. కీళ్ళు వదులయ్యేవి, వాడగా వాడగా గీతలు చెరిగిపోయేవి. అందుకే దాన్ని ఎవరూ గుడ్డిగా నమ్మేవాళ్ళు కాదు. ఇద్దరు వడ్రంగులు ఒక పనిలో కలిస్తే ముందు ఇద్దరి బద్దలూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళు. తేడా ఉంటే ఒకటి సంచిలోకి పోయేది. ఇప్పుడు వస్తువు బాగుపడింది, మనిషికి అనుమానం పోయింది. నా గొడవంతా ఇదే.

టేపు కొస కొక్కెం కొంచెం ఆడుతుంటుంది. కొత్త కుర్రాడు దాన్ని చూసి "లూజైపోయింది" అని రివెట్ల మీద సుత్తితో రెండు వేస్తాడు. ఒక పిల్లాడు అలా కొడుతుంటే నా కళ్ళతో చూశాను, కేకేసే లోపే అయిపోయింది. ఆ ఆట కావాలని పెట్టింది. కొక్కెం రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు. బల్ల అంచుకి తగిలించి లాగి కొలిచేటప్పుడు కొక్కెం ఆ మేరకు ముందుకు జరగాలి. గూట్లో గోడకి ఆనించి నొక్కి కొలిచేటప్పుడు అదే మేరకు వెనక్కి రావాలి. అప్పుడే రేకు మందం లెక్కలోంచి పోతుంది. సుత్తి దెబ్బతో అది బిగుసుకుపోతే ఒక రకం కొలత సరిగ్గా వస్తుంది, రెండో రకం ఎప్పటికీ మిల్లీమీటరు తప్పుతుంది. ఆ కుర్రాడు బీరువా గూడు నొక్కి కొలుస్తాడు, పలకను లాగి కోస్తాడు. పలక పట్టలేదని గోడను తిడతాడు.

దీన్ని పరీక్షించడానికి షాపులో ఒక చెక్క బద్ద చాలు. బద్ద కొసకి కొక్కెం తగిలించి లాగి, 300 మిల్లీమీటర్ల దగ్గర సన్నటి పెన్సిలు గీత పెట్టాలి. తర్వాత ఆ బద్ద కొసను గోడకి ఆనించి, టేపును కూడా గోడకి నొక్కి అదే గీత దగ్గర చదవాలి. మళ్ళీ 300 వస్తే కొక్కెం సరైనదే. రాకపోతే ఆ టేపు వదిలేసి ఇంకోటి తీయమనాలి. ఇక అంకెల సంగతి విడిగా చూడాలి. మంచి స్టీలు స్కేలు సున్నాను టేపు 100 గీతకి ఆనించి పెడితే కొక్కెంతో పని లేకుండా గీతలకి గీతలే సరిపోల్చుకోవచ్చు. చాలామంది పనిలో కూడా కొక్కెం మీద అనుమానం వస్తే 100 నుంచే కొలుస్తారు. మంచి అలవాటే, చివర్లో ఆ వంద తీసేయడం గుర్తుంటే.

టేపు మొదట్లో, రేకు మీద రోమన్ అంకె ఒకటి ఉందేమో చూడండి. II అని ఉంటే రెండో తరగతి టేపు. 5 మీటర్ల దగ్గర 1.3 మిల్లీమీటర్ల వరకూ అటూ ఇటూ ఉండొచ్చని దాని అర్థం. I అని ఉంటే 0.6 మాత్రమే. బజార్లో చవగ్గా దొరికే చాలావాటి మీద ఏ అంకే ఉండదు, అప్పుడు దానికి పూచీ ఎవరిదీ కాదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. రెండో తరగతివే రెండు మంచి టేపులు, ఒకటి కాస్త ఎక్కువ చూపిస్తూ, ఇంకోటి కాస్త తక్కువ చూపిస్తూ, 5 మీటర్ల దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు తేడా పడొచ్చు. రెండూ రూలు ప్రకారం సరైనవే! ఇంట్లో ఒకడు కొలిచి ఫోనులో అంకె పంపితే వర్క్‌షాపులో ఇంకొకడు ఇంకో టేపుతో పలక కోస్తున్నాడు ఈ రోజుల్లో. మా కాలంలో కొలిచినవాడే కోసేవాడు, కాబట్టి బద్ద తప్పుడుదైనా పలక సరిపోయేది.

రసమట్టం దగ్గరికి వద్దాం. మా మేనల్లుడు ఫ్లాటు కొని బాత్రూమ్ టైల్స్ మార్పిస్తున్నాడు. ఎనిమిదడుగులకు ఆరడుగుల గది. వెళ్ళి చూస్తే, టైల్స్ వేసే కుర్రాడు రెండడుగుల లెవెల్ పట్టుకుని గోడ చుట్టూ గీత లాగుతున్నాడు. చురుకైన పిల్లాడు, చేతి పని శుభ్రం. తలుపు పక్క మూలలో మొదలుపెట్టాడు. లెవెల్ పెట్టి, బుడగ మధ్యకు తెచ్చి, గీత గీసి, ఆ గీత కొస నుంచి మళ్ళీ పెట్టి, అలా జరుపుకుంటూ పోతున్నాడు.

"ఆ లెవెల్ సరిచూశావురా?" అన్నాను.

"కొత్తది తాతా, మొన్ననే కొన్నా."

"కొత్తది కాబట్టే అడుగుతున్నా."

నవ్వి ఊరుకున్నాడు. నాలుగు గోడలూ తిరిగి తలుపు మూలకి వచ్చేసరికి నవ్వు ఆగింది. వచ్చిన గీత మొదలుపెట్టిన గీతకి కలవలేదు. దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగింది. టైల్స్ మధ్య సందు రెండు మిల్లీమీటర్లే పెట్టేవాడికి అది నాలుగు సందులంత!

ఆ లెవెల్ తీసుకుని వంటింటి గట్టు మీద పెట్టించాను. గట్టు మట్టంగా ఉందా లేదా అనేది ఈ పరీక్షకి అక్కర్లేదు, ఇందులో గొప్పదనం అదే. రెండు కొసల దగ్గరా పెన్సిలు గుర్తులు పెట్టించి, ఒక కొస కింద కాగితాలు దూర్చి బుడగను సరిగ్గా మధ్యకు తెప్పించాను. తర్వాత కాగితాలు కదపకుండా, ఎడమ కొస కుడికి వచ్చేలా లెవెల్‌ను తిప్పి అవే గుర్తుల మధ్య పెట్టమన్నాను. మంచి లెవెల్ అయితే బుడగ మళ్ళీ మధ్యలోనే నిలవాలి. ఇది ఒక పక్కకి పారిపోయింది. దాన్ని మధ్యకు తేవడానికి మేనల్లుడి విజిటింగ్ కార్డులు నాలుగు పట్టాయి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. లెవెల్‌లో ఉన్న తప్పు అందులో సగం. మొదటిసారి పెట్టినప్పుడు ఆ తప్పు ఒక వైపు పనిచేసింది, తిప్పాక రెండో వైపు పనిచేసింది, కాబట్టి కంటికి రెండింతలు కనబడింది. రెండడుగుల పొడవుకి 0.6 అంటే మీటరుకి ఒక మిల్లీమీటరు. గది చుట్టుకొలత ఇరవై ఎనిమిది అడుగులు, ఎనిమిదిన్నర మీటర్లు. మూలలో కనబడ్డ తేడా ఎక్కడిదో వాడికే తెలిసిపోయింది.

మరి పాత మేస్త్రీల రసమట్టాలన్నీ సరైనవా? కావు. కానీ వాళ్ళు ఒకసారి ఇలా పెడితే తర్వాతి మెట్టుకి కొస మార్చి పెట్టేవాళ్ళు. ఒక మెట్టులో దిగిన గీత తర్వాతి మెట్టులో అంతే లేచేది. ఇప్పటి కుర్రాళ్ళు కంపెనీ పేరు తిన్నగా కనబడేలాగే పట్టుకుంటారు, ఎప్పుడూ ఒకే వైపు. దాంతో ఉన్న కాస్త తప్పూ ప్రతి మెట్టుకీ పోగవుతుంది. గది చుట్టూ గీత తీయాలంటే అసలు నీళ్ళ పైపే వాడేవాళ్ళం. దానికి సెల్లు అక్కర్లేదు, దెబ్బ తగిలినా చెడదు. లోపల గాలి బుడగ ఉంటే మాత్రం అబద్ధం చెబుతుంది. అందుకని పని మొదలుపెట్టేముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్ళు ఒకే ఎత్తులో నిలిచాయా అని చూసేవాళ్ళం. ఆ కుర్రాడి చేత పైపు తెప్పించి గీత మళ్ళీ తీయించాను. తలుపు మూలలో గీతకి గీత కలిసింది.

బీరువాల పక్క పలకలకీ, తలుపులకీ నిలువు బుడగ కావాలి. అడ్డం బుడగ సరిగా ఉందని నిలువుది కూడా సరిగా ఉంటుందనుకోకండి, అది వేరే గాజు గొట్టం. గోడ మీద బుడగ మధ్యకు తెచ్చి, లెవెల్ అంచు వెంట నిలువు గీత గీయండి. పై కొస పైనే ఉంచి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు లెవెల్‌ను గీతకి అవతలి పక్కకి తిప్పండి. అదే అంచు ఆ గీతకి ఆనాలి. బుడగ మధ్యలో నిలవకపోతే ఆ లెవెల్‌తో నిలువు పని పెట్టుకోకండి, తూకం గుండు వేలాడదీసుకోండి.

కొనేటప్పుడు అడుగు భాగం మరపట్టి చదును చేసినదేనా అని వేలితో తడిమి చూడండి. టైల్స్ పనికి రెండడుగులది, వీలైతే నాలుగడుగులది కూడా ఉండాలి. పొట్టిది గోడలో ఉన్న ప్రతి గుంటకీ తలవంచుతుంది. తిప్పి చూసే పరీక్ష షాపు గల్లాపెట్టె బల్ల మీదే చేయండి, షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తెచ్చుకున్నాక మాత్రం దాని అడుగున ఎండిన సిమెంటు అంటుకోనివ్వకండి. రవ్వంత పెళ్ళ కొసకి పట్టినా నాలుగు కార్డుల కథ మళ్ళీ మొదలు. ఎండలో మేడ మీద వదిలేస్తే బుడగ చిన్నదవుతుంది, గాజులో ఉన్న స్పిరిట్టు వేడికి పెరుగుతుంది కదా. అప్పుడు బుడగ గీతలను తాకడం లేదని కంగారుపడక్కర్లేదు, రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందా లేదా అదే చూడాలి.

ఇంకొక మాట. షాపువాళ్ళు 'రెండు బై రెండు' అని అమ్మే టైలు 600 మిల్లీమీటర్లు. అసలు రెండడుగులంటే 609.6. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది, అయినా మన నోట్లో అడుగులే. ఆ కుర్రాడు పొడవు గోడకి నాలుగు టైల్స్ సరిపోతాయని లెక్కేసుకున్నాడు. నాలుగు టైల్స్, మధ్యన మూడు సందులు కలిపితే 2406. గోడ 2438. మూలలో 32 మిల్లీమీటర్ల పేలిక మిగులుతుంది, అది ఎంత అసహ్యంగా ఉంటుందో వేసినవాడికే తెలుసు. అందుకని సన్నటి చెక్క బద్ద మీద టైలు, సందు, టైలు, సందు అని గుర్తులు పెట్టించి, గోడకి ఆనించి చూపించాను. రెండు కొసలా సమానంగా కోసిన ముక్కలు వచ్చేలా మధ్య నుంచి మొదలుపెట్టాడు.

లేజరు ఉండగా ఇదంతా ఎందుకు తాతా అని సాయంత్రం ఇంకో కుర్రాడు అడిగాడు. ఉండొచ్చు, మంచిదే. దాన్ని ఎప్పుడైనా గోడ మీద వేసి, తిప్పి చూశావా అంటే జవాబు లేదు. గోడ మీద పడిన ఆ ఎర్ర గీత పైఅంచు దగ్గర పెన్సిలు పెడుతున్నావా, కింది అంచు దగ్గరా అంటే దానికీ లేదు.