నైరుతి రుతుపవనాల వారికి ఒక టీకొట్టువాడి ఫిర్యాదు

మహారాజశ్రీ నైరుతి రుతుపవనాల వారి సముఖానికి,

విజయవాడ వన్ టౌన్‌లో టీకొట్టు నడుపుకునే చిరువ్యాపారి రాసుకునే బహిరంగ లేఖ.

తమరు జూన్‌లో మా ఊరికి దయచేసింది మొదలు అక్టోబరులో సెలవు తీసుకునేదాకా నా వ్యాపారం తమరి చలవే. చినుకు రాలితే చాలు, రిక్షావాళ్ళు నా రేకుల పంచ కిందికి చేరేవారు. వాళ్ళలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అప్పన్న బాబాయ్ ఒకడు. హోల్‌సేల్ కొట్ల నుంచి బట్టల బేళ్ళు వేస్తాడు, మధ్యలో దొరికితే మనుషుల్నీ ఎక్కించుకుంటాడు. బేళ్ళ మీదికి పట్టా ఉంది, ఎక్కినవాళ్ళకు టాపు ఉంది, తొక్కేవాడికే ఏమీ లేదు. అందుకని వాన మొదలైతే ఆయన రోజు నా బల్ల మీదే గడిచేది. ఓ టీ, కాసేపాగి ఇంకో టీ, చెమ్మకు మెత్తబడి అంటుకోని బీడీ. రిక్షా యజమానికి ఎండైనా వానైనా అద్దె అద్దే. పొద్దుగూకేసరికి నా ఖాతాలో టీలు, ఆయన నెత్తిన అద్దె మిగిలేవి.

ఈ ఏడు ఆయన రెయిన్‌కోటు కొన్నాడు. నా గోడు అక్కడ మొదలైంది.

అంతకుముందు ఫుట్‌పాత్ మీద దొరికే పల్చటి ప్లాస్టిక్ కోటు వేసేవాడు. అది తొక్కుడుకు చంకలో చిరిగేది. ఈసారి చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్న దళసరిది తెచ్చాడు. కుట్టు వేస్తే సూది పడిన ప్రతిచోటా చిల్లే కదా, మంచి కోటుకు లోపలివైపు ఆ కుట్ల మీద పట్టీ అతికించి ఉంటుంది. పరీక్ష నా కొట్లోనే జరిగింది. భుజం కుట్టు అడుక్కి వచ్చేలా కోటును దొప్పలా పట్టుకుని గ్లాసెడు నీళ్ళు పోయించాడు. టీ తాగడం అయ్యేదాకా కింద ఒక్క బొట్టు రాలలేదు. “ఇక పర్లేదబ్బాయ్” అని లేచాడు. తమరు అప్పుడు దంచి కొడుతున్నారు. అయినా లేచాడు.

మొదట్లో ఇబ్బందులు పడ్డాడు లెండి. ప్యాంటు అంచు గొలుసులో పడితే, పాత ట్యూబు ముక్క కోసి కాలికి బిగించాడు. తల తిప్పితే టోపీ తిరగక, పక్కనుంచి వచ్చే బండికి బదులు టోపీ లోపలివైపు కనిపించేది. కింద మామూలు క్రికెట్ టోపీ పెట్టుకున్నాక తలతో పాటు అదీ తిరిగింది.

కానీ చెమట సంగతికి మందు లేదు. బేళ్ళతో మిట్ట ఎక్కితే లోపల బనియను పిండేలా తడుస్తుంది. “మరెందుకు బాబాయ్ అంత డబ్బు పోయడం? ఎలాగూ తడుస్తున్నావుగా” అన్నాను. “చెమట తడి ఏటి చేస్తాదిరా, వెచ్చగా ఉంటాది. వాన తడిసి గాలి తగిలితేనే ఒణుకు. ఒణికినోడు బండి తొక్కలేడు” అన్నాడు. మిట్ట దగ్గర జిప్పు సగం దించుతాడు, దిగుడులో మళ్ళీ ఎక్కిస్తాడు. రాత్రి కోటును తడిగా మడవడు, తిరగేసి నీడలో ఆరేస్తాడు. మడిస్తే ముక్క వాసనొచ్చి, లోపలి పూత పొరలుగా లేస్తుందట.

ఇప్పుడు ఆయనకు వానరోజు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. మోకాటి లోతు నీళ్ళున్న సందుల్లోకి ఆటోలు రావు, సైలెన్సర్‌లోకి నీళ్ళు పోతాయని భయం. రిక్షాకు ఆ బెంగ లేదు. దాంతో తమరు గట్టిగా కురిసినప్పుడే ఆయనకు బేరాలెక్కువ. ఇదివరకు మబ్బు చూసి గొణిగేవాడు, ఇప్పుడు మబ్బు చూసి చక్రాలకు గాలి కొట్టిస్తున్నాడు. బ్రేకు దగ్గర మాత్రం కోటు పనికిరాదు. తడిసిన రిమ్ము మీద రబ్బరు జారుతుంది. అందుకే దిగుడుకు ముందే బ్రేకు మెల్లగా ఆనించి, నీళ్ళు తుడిచి మరీ దిగుతాడు.

నాకు దక్కేది నిలబడి తాగే ఒక్క టీ. దానికీ అక్కడికక్కడే చిల్లర ఇచ్చేస్తున్నాడు. పాత ఖాతా కూడా తీర్చేశాడు. నష్టమో లాభమో లెక్క తేలక తమరికి రాస్తున్నాను.

కాబట్టి నా ప్రార్థన. పంచ కింద ఇంకా నలుగురు మిగిలారు. వాళ్ళూ రోజూ ఆ కోటు తడిమి చూస్తూ, వాయిదాల్లో ఇస్తారా అని ఆరా తీస్తున్నారు. కోట్లమ్మే కొట్టువాడి దగ్గర హామీ ఉండమని నన్నే అడిగారు, మొహమాటానికి ఒప్పుకున్నాను. వాళ్ళ వాయిదాలు తీరేదాకా తమరు పగటిపూట, అదీ బేరాలుండే వేళల్లో, బాగా కురవాలి. కురవకపోతే ఆ బాకీ నా మెడకు చుట్టుకుంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
హామీదారు కమ్ టీకొట్టు యజమాని

నకలు: ఈశాన్య రుతుపవనాల వారికి. మిగిలిన వాయిదాల నిమిత్తం, అక్టోబరు నుంచి తగు చర్యకై.