పంతొమ్మిది మంది చిరంజీవులు

అనంతపురంలో శెనక్కాయ మిల్లు పెట్టాలంటే ముందు కావాల్సింది కాయ కాదు, బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు. అందులో సిబ్బంది జీతాల పేజీ చదివితే, మన జిల్లాలో కరువు ఏనాడో పోయిందనిపిస్తుంది. ఏప్రిల్ ఒకటిన పంతొమ్మిది మంది చేరతారు. రెండేళ్ల దాకా ఒకరు మానరు, ఒకరు చేరరు. తలా 12,000 చొప్పున ఏడాదికి 27,36,000. రెండో ఏడు పది శాతం కలిపితే ప్లాను పూర్తి.

ఏప్రిల్లో వాళ్లు ఏ కాయ ఒలుస్తారని అడిగే నాథుడు లేడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. జూన్ చివరో జూలైలోనో విత్తితే, పంట మిల్లుకు చేరేసరికి నవంబరు. అందాకా మేనేజరు, లెక్కలు రాసేవాడు, వాచ్‌మన్ చాలు. మిగతా పదహారు మందిని నవంబరు నుంచి మార్చి దాకా పెట్టుకుంటే, అదే జీతాల మీద ఏడాది ఖర్చు 13,92,000. రిపోర్టులో రాసినదాంట్లో సగం! వాన ఎగ్గొట్టిన ఏడు ఆ పదహారు మందిని పిలిచే పనే ఉండదు.

ఈ సంగతి చట్టానికి తెలుసు. కేవలం శెనక్కాయ ఒలిచే సీజను ఫ్యాక్టరీకి ఈఎస్ఐ నుంచి మినహాయింపు ఉంది. పక్కన నూనె తీయడమూ మొదలుపెడితే ఆ 'కేవలం' పోతుంది. పది మంది ఉంటే యజమాని వాటా 3.25 శాతం, అంటే మనిషికి నెలకు 390. రిపోర్టులో నూనె మిషను ఉంది, 390 మాత్రం లేదు.

ఇంతకీ పంతొమ్మిదే ఎందుకు? ఇరవై అయితే పీఎఫ్ వస్తుంది కనక. యజమాని వాటా 12 శాతం, బీమాకు అర, నిర్వహణకు అర, వెరసి 13. పైగా అది ఇరవయ్యో మనిషికి మాత్రమే కాదు, ఇరవై మందికీ పడుతుంది: నెలకు 31,200. పన్నెండు వేల మనిషి వస్తూ వస్తూ తన జీతానికి రెండున్నర రెట్లు బరువు మోసుకొస్తాడు. అందుకే రిపోర్టులో ఆయన పుట్టడు. మిల్లులో మాత్రం ఉంటాడు, కాంట్రాక్టరు మనిషిగా. పాపం, కాంట్రాక్టరు మనుషులనూ పీఎఫ్ లెక్కలో కలుపుతారని రిపోర్టు రాసినాయన మరిచిపోయాడు. ఒకసారి పీఎఫ్ పరిధిలోకొచ్చిన సంస్థ, కరువులో ఐదుగురే మిగిలినా బయటపడదన్నదీ మరిచిపోయాడు.

మిల్లు పెట్టబోయే అన్నా, ఆ పేజీ చించెయ్. అడ్డంగా 24 నెలలు గీసి, ఏ నెల ఎందరో రాయి. కింద పీఎఫ్, ఈఎస్ఐ వరసలు వెయ్యి. నవంబరులో ఇరవయ్యో మనిషి తప్పదనుకుంటే 31,200 ఇప్పుడే కలుపు. అప్పు కట్టేది నువ్వు, రిపోర్టు రాసినాయన కాదు.