అమ్మ తుంటి విరిగింది, క్షమించండి సార్!

సూరత్ లింబాయత్‌లో అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే, కొడుకు ముందుగా క్షమాపణ చెప్పుకోవాల్సింది పాండేసరా డైయింగ్ మిల్లులోని మేనేజరుకు. "గౌరవనీయులైన సార్, మీకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తూ..." పడింది అమ్మ, నొప్పి సారుకి.

తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపిన నాన్నల తరానికి ఈ ఈమెయిల్ బాధ లేదు. మీటరు లెక్కన కూలి. రాని రోజు మీటర్లూ లేవు, పైసలూ లేవు. కొడుకులు నాలుగక్షరాలు నేర్చి మిల్లులో ఈమెయిల్ ఐడీ సంపాదించారు. ఎంత ఎదుగుదల! నాన్నకు సెలవు లేదు. కొడుక్కి సెలవు లేదన్న సంగతి ఇంగ్లిషులో అందుతుంది.

మన చట్టానికి అమ్మానాన్నలంటే ప్రాణం. వయసు మళ్లినవాళ్లను దిక్కులేకుండా వదిలేస్తే 2007 నాటి చట్టం 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేస్తుంది. వదలకుండా పక్కనే ఉంటానన్న ప్రైవేటు కార్మికుడికి మాత్రం అందుకోసమంటూ ఒక్క రోజు సెలవూ రాసిపెట్టలేదు. వదిలేస్తే నేరం, వదలకపోతే గైర్హాజరు.

ఇక మిగిలింది సొంత సెలవు ఖాతా. కార్మిక చట్టం లెక్క ప్రకారం 20 పనిదినాలకు ఒక రోజు జీతంతో సెలవు. కిందటేడు 240 రోజులు పనిచేసినవాడికి 12 రోజులు. అమ్మ పక్కన ఉండాల్సిన రెండు వారాల్లో వారపు సెలవులు రెండు తీసేస్తే సరిగ్గా 12. అంటే అబ్బాయి అడుగుతున్నది తన సొమ్మే. బ్యాంకులో మన డబ్బు తీసుకుంటూ క్యాషియరు కాళ్లు పట్టుకుంటామా?

అందుకే ఆ దండాలన్నీ కొట్టేసి ఇలా రాయాలి:

"మా అమ్మకు సోమవారం తుంటి ఎముక ఆపరేషన్. కుట్లు విప్పేదాకా లేపడానికి, వాకర్‌తో నడిపించడానికి మనిషి ఉండాలి. ఆ రోజు నుంచి రెండు వారాలు, నా ఖాతాలోని 12 రోజుల సెలవు వాడుకుంటాను. ఫోల్డింగ్ సెక్షన్ రిజిస్టర్లు శనివారం అప్పగిస్తాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్లో దొరుకుతాను. డాక్టరు చీటీ జత చేశాను."

దీనికి సారు ఈమెయిల్లో జవాబివ్వడు. ఫోన్ చేస్తాడు. "ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా?" అంటాడు. ఉన్నారండీ, ఆవిడకే ఆపరేషన్. "సరే, నాలుగు రోజులు తీసుకో, తర్వాత చూద్దాం." కుట్లు మాత్రం పది, పద్నాలుగు రోజులకు గానీ విప్పరు, వాటికి మిల్లు డిస్పాచ్ తేదీలు తెలియవు. ఈ బేరమంతా విని, "మీరు చెప్పిందే ఈమెయిల్లో పెట్టండి సార్" అనండి. ఫోన్లో సింహంలా గర్జించిన సారుకి ఉన్నట్టుండి టైపింగు రాదు.