ముప్పై ఫొటోలు పెట్టి అసలు సంగతి దాస్తున్నారు

మా రోజుల్లో పాత కారు అమ్మాలంటే పేపర్లో నాలుగు ముక్కల ప్రకటన వేసేవాళ్ళు. మాటల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి అందులో అక్కర్లేని మాట ఒక్కటీ ఉండేది కాదు. అంబాసిడర్, ఫలానా సంవత్సరం, పెట్రోలు, ఇంజిన్ రీబోర్ అయింది, ఇంటి చిరునామా. అంతే. ఫొటో ఉండదు గనక ఎలాగూ వెళ్ళి చూడాల్సిందే. మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళం. మీటరు సంగతి అసలు అడిగేవాళ్ళమే కాదు. అయిదంకెల మీటరు లక్ష దాటగానే మళ్ళీ సున్నాకి వచ్చేసేది. కేబుల్ ఊడదీసి తిప్పేవాళ్ళూ ఉండేవాళ్ళు. అందుకే బండి ఎంత తిరిగిందో సైలెన్సర్ పొగ చూసి, స్టీరింగ్ ఆట చూసి మేస్త్రీ చెప్పేవాడు.

ఇప్పుడు మాటకు ఖర్చు లేదు, ఫొటోకు ఖర్చు లేదు. ప్రకటన చూస్తే పేజీడు పొగడ్త, ముప్పై ఫొటోలు. అన్నీ చూశాం కదా, ఇంక తెలియంది ఏముంది అని మన పిల్లలు ఫోన్ చేసి అడ్వాన్స్ కూడా పంపేస్తున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అన్ని ఫొటోలు పెట్టినవాడు ఏది పెట్టలేదో చూడాలి. అంత రాసినవాడు ఏది రాయలేదో వెతకాలి. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టు మీద బతికినవాణ్ణి. పూసిన బండ్లు, అతికిన బండ్లు కళ్ళ ముందే చూశాను. ఊరికే సణుగుతున్నాననుకోకండి.

మొన్న మా మేనల్లుడు ఫోన్ పట్టుకొచ్చాడు. "మావయ్యా, డిజైర్ డీజిల్, మిగతావాటికంటే నలభై వేలు తక్కువ. పొద్దున్నే వెళ్ళి టోకెన్ ఇచ్చేద్దామా?" అన్నాడు. ముందు చదవనీరా అని కళ్ళజోడు పెట్టుకున్నాను. ప్రకటన ఇది: "స్విఫ్ట్ డిజైర్ వీడీఐ, 2016 మోడల్, వైట్, సెకండ్ ఓనర్, సింగిల్ హ్యాండ్, 62,000 కిలోమీటర్లు మాత్రమే, షోరూమ్ కండిషన్, కొత్త టైర్లు, కొత్త సీట్ కవర్లు, ఒక్క రూపాయి పని లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, అర్జెంట్ సేల్."

షోరూమ్ కండిషన్, ఒక్క రూపాయి పని లేదు అన్న మాటలు తీసి పక్కన పెట్టాను. ఏ ప్రకటనలో అయినా ఉండే మాటలే అవి, వాటివల్ల మనకు ఏమీ తెలియదు. మిగిలినవాటిని ఒకదానికొకటి పొంతన కుదురుతుందా అని చూడాలి. సెకండ్ ఓనర్ అంటాడు, సింగిల్ హ్యాండ్ అంటాడు. బండి ఇద్దరి పేర్ల మీద ఉన్నప్పుడు ఒక్క చేతి మీదే నడిచిందన్న సంగతి ఈయనకెలా తెలుసు? ఇక ఇన్సూరెన్స్. అంత ముద్దుగా చూసుకున్న డీజిల్ కారుకు ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఎందుకు? పాత బండికి ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది అలాగే తీసుకుంటారు, తప్పేమీ లేదు. కానీ ఫుల్ ఇన్సూరెన్స్ వరసగా ఉండి ఉంటే పాలసీ కాగితాల్లో నో క్లెయిమ్ బోనస్ చూసి, ఈ మధ్య క్లెయిమ్ పెట్టారా లేదా అన్నది పట్టుకునేవాళ్ళం. ఇక్కడ ఆ దారి లేదు. ఇంతవరకూ అనుమానాలే.

గట్టి ఆధారం నంబరు ప్లేటులో దొరికింది. ముందు వైపు ఫొటోల్లో నంబరు మీద బొటనవేలంత మసక పూశాడు. వెనక నుంచి తీసిన ఫొటోలో మాత్రం మర్చిపోయాడు. నంబరు ఏపీ 39తో మొదలైంది. మేనల్లుడికి అందులో వింత ఏమీ కనిపించలేదు, రోడ్డు మీద అన్నీ ఏపీ 39లే కదా అన్నాడు. రోడ్డు మీద కొత్త బండ్లకు సరే. రాష్ట్రం మొత్తానికి 39 అన్న ఒకే కోడు వచ్చింది 2019లో. అంతకుముందు జిల్లాకో అంకె ఉండేది. మన కృష్ణాకు 16, గుంటూరుకు 7, విశాఖకు 31. 2016లో ఇక్కడ కొన్న కారుకు ఏపీ 16 ఉండాలి. కోడు మారినా పాత బండ్ల నంబర్లు మార్చలేదు, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. మరి 2016 బండికి ఏపీ 39 ఎలా వచ్చింది? 2019 తర్వాత దానికి మళ్ళీ రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి.

అలా కావడానికి మామూలుగా కారణాలు రెండు. బండి వేరే రాష్ట్రం నుంచి ఎన్ఓసీ మీద వచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకుని ఉండాలి. లేదా పసుపు ప్లేటు ట్యాక్సీని సొంత బండిగా మార్పించి తెల్ల ప్లేటు వేయించి ఉండాలి. రెండూ చట్టప్రకారం చేసేవే, నేరం కాదు. కానీ రెండూ కొనేవాడికి చెప్పాల్సిన సంగతులే. ప్రకటనలో దాని ఊసే లేదు. తెలంగాణ బండ్లకూ ఇదే లెక్క పనికొస్తుంది. అక్కడ 2014లో టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ ఇస్తున్నారు. 2018 మోడల్ కారుకు టీజీ నంబరు కనిపిస్తే ఎందుకు మారిందో అడగాలి. కోడు మారని చోట పక్కింటివాళ్ళ కార్లు చూడండి. అదే కార్యాలయంలో అదే ఏడాది రిజిస్టరైన బండ్ల నంబర్లలో అక్షరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి లోపలి ఫొటోలు పెద్దవి చేసి చూశాం. సొంత కారులో ముందు డ్రైవరు సీటు అరుగుతుంది, వెనక సీటు కొత్తగానే ఉంటుంది, ఎప్పుడో పండక్కి ఊరెళ్ళినప్పుడే నలుగురు కూర్చుంటారు. ట్యాక్సీకి రోజంతా వెనక సీటే పని. ఇక్కడ సీట్లకు కొత్త కవర్లు తొడిగాడు, కాబట్టి సీట్లు ఏమీ చెప్పవు. కవరు తొడగలేనివి చెబుతాయి. వెనక తలుపు లోపలి పిడి చుట్టూ గోళ్ళ గీతలు, పిడి మీద రంగు పోయి నిగనిగలాడే నలుపు. గేరు రాడ్డు మీద అంకెలు సగం చెరిగిపోయాయి. స్టీరింగు పైభాగం నున్నగా మెరుస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు కుడి అంచు అరిగింది. అరవై రెండు వేలకు ఇంత అరుగుదల రాదు. వెనక బంపరు మీద అడ్డంగా ఒక బద్ద మేర రంగు కొద్దిగా తేడాగా ఉంది, ట్యాక్సీలకు వేసే ఎర్ర రిఫ్లెక్టర్ టేపు పీకేస్తే మిగిలే గుర్తు లాగా. అది ఒక్కటే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు, ప్లాస్టిక్ బంపరు రంగు రేకు రంగుతో పూర్తిగా కలవకపోవడం కొత్త బండిలో కూడా ఉంటుంది.

మీటరు ఫొటో పెట్టాడు గానీ, తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడు తీశాడు. డిజిటల్ మీటరులో అంకె కనిపించాలంటే ఇగ్నిషన్ ఆన్ చెయ్యాలి. 62,000 అని రాసినవాడికి ఆ అంకె చూపించడానికి ఏమిటి ఇబ్బంది? ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి అంకె మార్చేవాళ్ళు ఉన్నారు గనక చూపించినా పూర్తిగా నమ్మక్కర్లేదు, చూపించకపోతే మాత్రం అసలు నమ్మకూడదు. కొత్త టైర్లూ ఇందులో భాగమే. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, ముందు రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. పాత టైర్లు ఉంటే వాటి తేదీ, వాటి అరుగుదల రెండూ కలిపి బండి తిరుగుడు అంచనా కట్టేవాళ్ళం. నాలుగూ కొత్తవి వేస్తే ఆ సాక్ష్యం పోయింది.

చివరికి మీటరు అంకె వేరే చోట దొరికింది. డ్రైవరు తలుపు తెరిచి సీటు కవరు చూపించడానికి తీసిన ఫొటోలో, తలుపు మూసుకునే స్తంభం మీద అగ్గిపెట్టెంత తెల్ల స్టిక్కరు ఉంది. ఆయిల్ మార్చినప్పుడు మేస్త్రీలు అంటిస్తారే, అది. వేళ్ళతో పెద్దది చేస్తే పెన్నుతో రాసిన అంకె చదవగలిగాం: తర్వాతి సర్వీసు 1,48,000. ఈ బండికి పదివేలకోసారి ఆయిల్ మారుస్తారు. అంటే ఆ స్టిక్కరు అంటించే నాటికే బండి 1,38,000 తిరిగింది. ఇంక ట్యాక్సీనా కాదా అన్న వాదన కూడా అక్కర్లేకపోయింది.

దెబ్బ తిన్న బండి సంగతి కూడా ఒక మాట. ఫొటోల్లో బండి చుట్టూ మనసులో ఒక ప్రదక్షిణ చెయ్యండి. ఏ మూల రాలేదు? ఈ ప్రకటనలో కుడివైపు పది ఫొటోలున్నాయి, ఎడమ ముందు మూల ఒక్కటీ లేదు. ఎదురుగా తీసిన దాంట్లో ఎడమ హెడ్‌లైటు అద్దంలా తెల్లగా, కుడిది పసుపు పట్టి ఉంది. ఒకే వయసు లైట్లు ఒకేలా పాతబడాలి. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందా అన్నదీ ఆ ఫొటోలోనే తెలుస్తుంది. బండి మీద నీళ్ళు పోసి తడిగా తీసిన ఫొటోలను లెక్కలోకే తీసుకోవద్దు, తడి మీద సొట్టలూ కనిపించవు, రంగు తేడాలూ కనిపించవు.

నీట మునిగిన బండ్ల సంగతీ చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బాగుచేసే ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద కడుతుంది, ఆ బండి వేలంలో పోయి ఎక్కడో బాగై మళ్ళీ అమ్మకానికి వస్తుంది. పాత కారులో కొత్త కార్పెట్, దీపాల లోపల చెమ్మ, సీటు కింద పట్టాల మీద తుప్పు మూడూ కలిసి కనిపిస్తే ఆ ప్రకటన దాటెయ్యండి. వీటిలో ఒక్కటే ఉంటే వరద అని తేల్చెయ్యకండి, వానాకాలంలో మామూలు బండి లైట్లలో కూడా చెమ్మ పడుతుంది. ఇక ఇంజిన్ లోపలి జబ్బు, గేర్‌బాక్స్ మోత ఫొటోలో ఎంత వెతికినా దొరకవు. వాటికి ఈనాటికీ మేస్త్రీయే దిక్కు.

మేం ఆ నంబరుకు ఫోన్ చెయ్యలేదు. అమ్మేవాళ్ళకు మాత్రం నా మనవి ఒకటి ఉంది. ట్యాక్సీ తిరిగిన బండి అయితే ట్యాక్సీ అని రాయండి, లక్షన్నర తిరిగితే లక్షన్నర అని రాయండి. సరిగ్గా ఆయిల్ మార్చిన డీజిల్ బండి లక్షన్నర తర్వాత కూడా బాగా నడుస్తుంది. తగిన ధరకు దాన్ని తెలిసి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు.