అమ్మేసిన ఫోన్‌కి వెళ్లిన అనుమతి

మా రోజుల్లో బ్యాంకులో ఖాతా తెరవాలంటే అక్కడ ముందే ఖాతా ఉన్న మనిషొకడు మనల్ని పరిచయం చేసి ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ మనిషి ఊరు మారితే ఇంకొకర్ని తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఆ హోదా ఫోన్‌కి ఇచ్చారు. ఫోన్ చేతులు మారినా సరే, మనం ఎవరమో దాన్నే అడుగుతున్నారు. నా కోపమంతా దీని మీదే.

పటమటలో మా వీధి మాస్టారు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపులో పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చి కొత్తది తీసుకున్నారు. షాపు కుర్రాడు పాత ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి లోపల పెట్టేశాడు. ఇంటికొచ్చి కొత్త ఫోన్‌లో జీమెయిల్ పాస్‌వర్డ్ కొడితే తెర మీద Check your phone అని వచ్చింది. ఏ ఫోన్ చూడాలి? కింద రాసిన పేరు షాపువాడికి ఇచ్చేసిన ఫోన్‌దే. అందులో Yes నొక్కితే గానీ ఇందులో తలుపు తెరుచుకోదట.

గూగుల్ లెక్కలో ఆ ఫోన్ ఇంకా మాస్టారిదే. ఫోన్‌లో సమాచారం చెరిపేసినా, ఖాతాకి సంబంధించిన పరికరాల జాబితాలో దాని పేరు మిగిలిపోవచ్చు. చెరిపిన ఫోన్‌కి ఆ కబురు చేరదు, కాబట్టి ఎంతసేపు చూసినా జవాబు రాదు. చెరపకుండా అమ్మిన ఫోన్ అయితే ఇంకా ప్రమాదం, కొన్నవాడి చేతిలో Yes వెలుగుతుంది.

ఆ తెర మీదే అడుగున చిన్న అక్షరాల్లో Try another way అని ఉంటుంది. అరవై దాటిన కళ్లకి అది ఆనదు. చాలామంది దాన్ని చూడక, పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టి, ఆ కబురునే మళ్లీ పాత ఫోన్‌కి పంపిస్తూ కూర్చుంటారు. దాన్ని నొక్కితే మిగతా దారులు కనిపిస్తాయి. మన నంబర్‌కి ఎస్సెమ్మెస్ కోడ్, ముందే రాసి పెట్టుకున్న 8 అంకెల బ్యాకప్ కోడ్, ఇలాంటివి. సిమ్ మన దగ్గరే ఉంటే ఎస్సెమ్మెస్‌తో గొడవ తీరిపోతుంది. సిమ్ పోతే ఆధార్ పట్టుకెళ్లి అదే నంబర్‌కి డూప్లికేట్ తీసుకోవచ్చు. కాకపోతే సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, కోడ్ రాలేదని కంగారు పడకూడదు.

మాస్టారికి ఆ దారీ మూసుకుపోయింది. ఖాతాలో ఉన్నది ఆయన ఎప్పుడో వదిలేసిన నంబర్. అలా వదిలేసిన నంబర్‌ని కంపెనీలు కొన్నాళ్లు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తాయి, కోడ్ వాళ్లకి పోతుంది.

ఆయన్ని గట్టెక్కించింది ఇంట్లో పాత కంప్యూటర్. అందులో జీమెయిల్ తెరిచే ఉంది. ఎక్కడో ఒకచోట లాగిన్ అయి ఉంటే అది బంగారం, పొరపాటున కూడా అందులోంచి సైన్ ఔట్ కావద్దు. అందులో myaccount.google.com తెరిచి, Security లోకి వెళ్లి, 2-Step Verification కింద Backup codes తీయించాను. పది కోడ్‌లు వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కొత్త ఫోన్‌లో Try another way నొక్కి అందులో ఒకటి కొట్టగానే జీమెయిల్ తెరుచుకుంది. తర్వాత Your devices లో పాత ఫోన్ పేరు మీద నొక్కి Sign out చేశాం, నంబర్ కూడా మార్చాం. నంబర్ మార్చినా 7 రోజుల వరకు గూగుల్ పాత నంబర్‌కి కోడ్ పంపుతానని అడగవచ్చు. అందుకే మిగిలిన తొమ్మిది కోడ్‌ల కాగితం బీరువాలో పెట్టమన్నాను.

కంప్యూటర్ కూడా లేనివాళ్లకి మిగిలేది g.co/recover. అది ఇంట్లో ఎప్పుడూ వాడే వైఫై మీద, ఇదివరకు ఆ ఖాతా వాడిన పరికరం మీద చేస్తేనే నమ్మకం ఎక్కువ. గుర్తున్న ఆఖరి పాస్‌వర్డ్ ఇవ్వాలి. కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆగమంటే ఆగాలి. డబ్బు తీసుకుని ఖాతా తెరిపిస్తామని ఫోన్ చేసేవాళ్లకి కోడ్ చెప్పారా, ఖాతా వాళ్లదైపోతుంది.

మా రోజుల్లో బ్యాంకు గుమాస్తా మొహం చూసి పోల్చుకునేవాడు, తేడా వస్తే మేనేజర్ దగ్గరికి పంపేవాడు. ఇక్కడ వినిపించుకునే మనిషే లేడు. కనీసం కౌంటర్ మీద పాత ఫోన్ తీసుకునే కుర్రాడైనా "సార్, ముందు కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వండి, అది అయ్యాకే పాతది ఇవ్వండి" అని చెప్పాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఖాతాని Remove account తో తీసేసి, అప్పుడు ఫోన్ చెరపాలి. ఈ వరస తప్పకపోతే పాత ఫోన్‌ని అడిగే అవసరమే రాదు.