చిన్న బాకీ ముందా, పెద్ద వడ్డీ ముందా

సోలాపూర్ భవాని పేట్‌లో మా బావ టీ తాగడానికి పోవాలంటే మూడు సందులు తప్పించుకుని పోవాలి. మొదటి సందులో వాళ్ల చిన్నాయన ఉంటాడు. ఆయనకు ఇవ్వాల్సింది 6,000, ధర్మవడ్డీకి, అంటే నూటికి నెలకు ఒక్క రూపాయి. రెండో సందులో మా అక్క చేరిన బచత్ గట్ పెద్దమ్మ. అక్కడ 12,000, నూటికి రెండు రూపాయలు. మూడో సందులో ఒక పెద్దమనిషి. ఆయన దగ్గర 30,000, నూటికి నాలుగు. విచిత్రమేమంటే ఈ మూడో ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఎదురుపడితే నవ్వుతాడు, పిల్లల చదువు అడుగుతాడు. నెలకు 1,200 వడ్డీ వచ్చేవాడు నవ్వక ఏం చేస్తాడు? చిన్నాయన మాత్రం తనకొచ్చే అరవై రూపాయల కోసం నల్లా దగ్గర బిందెల వరుస మొత్తానికి వినిపించేలా అడుగుతాడు.

తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకుని ఈ ఊరొచ్చి తరాలు గడిచాయి. సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దాన్ని నేసే మా బావకు దక్కిన గుర్తింపు మాత్రం ఈ మూడు సందుల్లోనే ఉంది.

నేను టవళ్ల కార్ఖానాలో లెక్కలు రాసేవాణ్ని కాబట్టి పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. బావ పవర్‌లూమ్ కూలీ, అక్క బీడీల కూలీ కలిపి, ఇల్లు గడవగా అప్పులకు నెలకు 5,000 తీయగలరు. మూడు వడ్డీలూ నెల నెలా కట్టాల్సిందే. మిగిలిన డబ్బు ఎవరి అసలులో వేయాలన్నదే తగువు.

"ముందు చిన్నాయనది పారేద్దాం బామ్మర్ది. నల్లా కాడ ఇజ్జత్ పోతున్నది," అన్నాడు బావ.

"ఇజ్జత్‌కు వడ్డీ లేదు. నాలుగు రూపాయలోనిది తగ్గించు," అంది అక్క, బీడీ చుట్టే చెయ్యి ఆపకుండానే.

తమకు తెలియకుండానే ఇద్దరూ ప్రపంచమంతా వాదించుకునే రెండు పద్ధతులను నా ముందు పెట్టారు. చిన్న బాకీ ముందు, ఆపైన దానికంటే పెద్దది, అలా పోతే స్నోబాల్. వడ్డీ ఎక్కువున్నది ముందు, బాకీ ఎంతైనా సరే, అంటే అవలాంచ్. రెండు పేర్లలోనూ మంచు ఉంది. మే నెల సోలాపూర్‌లో మాకు దొరికే మంచు గోలా బండి మీదిదే, అదీ రంగు పోసి అమ్ముతారు.

లెక్క వేశాను. మొదటి నెల వడ్డీలు చిన్నాయనకు 60, గట్‌కు 240, పెద్దమనిషికి 1,200, మొత్తం 1,500. 5,000లో అది పోగా అసలుకు మిగిలేది 3,500. అసలు తగ్గినకొద్దీ మరుసటి నెల వడ్డీ తగ్గుతుంది, అసలుకు పోయేది పెరుగుతుంది. ఇంతే సూత్రం.

బావ దారిలో పోతే రెండో నెలలోనే చిన్నాయన బాకీ తీరుతుంది. ఐదో నెలాఖరుకు గట్‌ది దాదాపు తీరి, సరిగ్గా 6 రూపాయల 63 పైసలు మిగులుతుంది. అది ఆరో నెలలో పోతుంది. కానీ ఆ ఐదు నెలలూ పెద్దమనిషి 30,000 ఒక్క రూపాయి కదలదు, నెలకు 1,200 నవ్వుతూనే ఉంటుంది. చివరికి పన్నెండో నెలలో 4,995 కడితే అన్నీ తీరతాయి. మొత్తం కట్టిన వడ్డీ 11,995 రూపాయలు.

అక్క దారిలో ఏడు నెలల పాటు ఏ బాకీ తీరదు. మూడు సందులూ అలాగే ఉంటాయి, నల్లా కూడా అలాగే ఉంటుంది. ఎనిమిదో నెలలో పెద్దమనిషిది తీరుతుంది. పదకొండో నెలలో గట్‌ది తీరుతుంది. పన్నెండో నెలలో చిన్నాయనకు 1,241 ఇస్తే ముగిసింది. మొత్తం వడ్డీ 8,241.

రెండూ పన్నెండో నెలలోనే ముగుస్తాయి. తేడా 3,754 రూపాయలు. "అంటే మీ చిన్నాయన నోటికి తాళం వేయడానికి నాలుగు వేలకు కొంచెం తక్కువ," అంది అక్క.

బావ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 2012లో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు అమెరికాలో అప్పుల్లో చిక్కుకున్నవాళ్ల లెక్కలు పరిశీలించారు. ఎంత సొమ్ము తీర్చారన్నదాని కంటే, ఎన్ని ఖాతాలు మూసేశారన్నదే వాళ్లు చివరిదాకా నిలబడతారా లేదా అన్నది బాగా చెప్పిందని తేల్చారు. మనిషికి గెలుపు కనబడాలి. ఏడు నెలలు ఏ గెలుపూ లేకుండా నడవడం అందరివల్లా కాదు. మధ్యలో రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం వస్తుంది, చుట్టాలొస్తారు, 5,000 ఆ నెల 3,000 అవుతుంది.

అయితే అక్కడి స్నోబాల్‌కు ఉన్న ఒక బలం ఇక్కడ లేదు. అక్కడ ప్రతి బాకీకి నెలకింత అని కనీస వాయిదా ఉంటుంది. చిన్న బాకీ మూసేస్తే ఆ వాయిదా మొత్తం చేతికి మిగిలి, తర్వాతి బాకీ మీదికి దొర్లుతుంది. రూపాయి వడ్డీల లోకంలో చిన్నాయనది మూసేస్తే చేతికి మిగిలేది నెలకు 60 రూపాయలు. దానితో ఏ గోళమూ దొర్లదు.

బావ మొహం చూసి మూడో లెక్క వేశాను. ముందు చిన్నాయన, తర్వాత పెద్దమనిషి, ఆఖరున గట్. రెండో నెలలో నల్లా దగ్గర శాంతి. పదో నెలలో పెద్దమనిషిది తీరుతుంది. పన్నెండో నెలలో 2,995తో గట్‌ది. వడ్డీ 9,995. అక్క లెక్క కంటే 1,754 ఎక్కువ, బావ లెక్క కంటే 2,000 తక్కువ. ఇజ్జత్‌కు ఇప్పుడు ధర తెలిసింది. అక్క బీడీల చాట పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, "1,754 అంటే ఎక్కువే. కానీ ఈయన రోజూ మూడు సందులు చుట్టి టీకి పోవుడు మానితే పనికి టైముకు పోతడు," అని ఒప్పుకుంది.

అప్పుడు అసలు అడ్డం వచ్చింది. పెద్దమనిషి నవ్వి, "విడివిడిగా ఎందుకు? అసలు ఒకేసారి ఇయ్యి, అప్పటిదాకా వడ్డీ కట్టు చాలు," అన్నాడు. ఈ ఒక్క మాటతో అక్క లెక్క, నా లెక్క రెండూ కూలిపోతాయి. అసలు ముక్కలుగా తీసుకోకపోతే 30,000 మీద వడ్డీ తగ్గదు, పోగేసిన డబ్బు ఇంట్లో ఉండదు. అలాంటిచోట బావ దారే మేలు, చిన్నవి రెండూ తీర్చి, ఆ తర్వాత పెద్దదానికి కూడబెట్టడం. మా అక్క రెండు సార్లు వెళ్లి మాట్లాడాక ఆయన నెలకు 3,000కు తక్కువ కాకుండా అయితే సరేనన్నాడు.

కాబట్టి, వడ్డీల మధ్య తేడా రూపాయి, ఆపైన ఉంటే ఎక్కువ వడ్డీదే ముందు, మా బావలా ఇజ్జత్‌కు ధర తెలిసి కట్టదలిస్తే తప్ప. పావలా, అర్ధరూపాయి తేడా అయితే నోరు పెద్దదున్నవాడిది ముందు తీర్చేయండి, పెద్దగా నష్టం లేదు. ఏ దారిలో పోయినా మొదలుపెట్టే ముందు అసలు ముక్కలుగా తీసుకుంటారా అని అడగండి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు వేయించుకోండి. మహారాష్ట్రలో 2014 నాటి చట్టం ప్రకారం వడ్డీ వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, కట్టినదానికి రసీదు ఇవ్వాలి. నవ్వుతూ ఇవ్వనంటే, మీరూ నవ్వుతూనే ఇంకోసారి అడగండి.